యూపీఐ హిస్టరీలో ఉన్న పేర్లు ఒకసారి చదవండి

(డిగ్రీ కాలేజీ విద్యార్థులు, వాళ్ళ తల్లిదండ్రుల ముందు ఒక రిటైర్డ్ బ్యాంక్ ఆఫీసర్ మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని రాసింది, ఉన్నది ఉన్నట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం అండి. వెనకాల నిలబడ్డ పిల్లలు ముందుకొచ్చి కూర్చోండమ్మా, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మైకు వినపడుతోందా? సరే.

నేను బ్యాంకులో 31 ఏళ్ళు పనిచేశాను, క్యాష్ కౌంటర్ నుంచి మొదలుపెట్టి బ్రాంచ్ మేనేజర్‌గా రిటైరయ్యాను. బైనరీ ఆప్షన్ అనే ఫోన్ ట్రేడింగ్ యాప్‌ల మీద మాట్లాడమంటే ఒప్పుకోడానికి కారణం బ్యాంకు ఉద్యోగం కాదు, మా అక్క కొడుకు. వాడి సంగతి చెప్తాను, వాడిని అడిగే వచ్చాను, పేరు చెప్పకుండా చెప్పు మావయ్యా అన్నాడు. ముందు ఒక చిన్న ఆట ఆడదాం, ఆ తర్వాత వాడి దగ్గరికి వెళ్దాం.

ముందు వరసలో చెక్కుల చొక్కా బాబూ, నువ్వు రా. ఇదిగో అయిదు రూపాయల బిళ్ళ. నేను ఎగరేస్తాను, బొమ్మో బొరుసో నువ్వు చెప్పు. కరెక్టుగా చెప్తే నేను నీకు 80 రూపాయలు ఇస్తాను, తప్పు చెప్తే నువ్వు నాకు 100 ఇవ్వాలి. నిజం డబ్బులొద్దు, బోర్డు మీద లెక్క రాసుకుందాం. ఇరవై సార్లు ఆడదాం.

(ఇక్కడ ఆట జరిగింది. అయిదారు నిమిషాలు.)

సరే, ఎంతొచ్చింది? 11 సార్లు కరెక్టు, 9 సార్లు తప్పు. చూశారా, నాకన్నా ఎక్కువ సార్లు గెలిచాడు. గెలిచినవి పదకొండు ఎనభైలు, 880. ఓడినవి తొమ్మిది వందలు, 900. ఇంకా నాకే 20 రూపాయలు బాకీ ఉన్నాడు. ఇరవైలో పదకొండు సార్లు కరెక్టుగా చెప్పిన కుర్రాడు నష్టపోయాడు, నేను ఏమీ చెయ్యలేదు, బిళ్ళ ఎగరేశానంతే, మోసం కూడా చెయ్యలేదు. కూర్చో బాబూ, థాంక్స్.

బైనరీ ఆప్షన్ అంటే ఇదేనండీ, ఇంతకు మించి ఏమీ లేదు. యాప్ ఓపెన్ చేస్తే ఒక చార్ట్ కదులుతూ ఉంటుంది, కింద పచ్చ బటన్ ఒకటి ఎర్ర బటన్ ఒకటి, ఒక నిమిషం తర్వాత రేటు ఇప్పటికన్నా పైన ఉంటుందా కింద ఉంటుందా అని అడుగుతుంది, నువ్వు 500 పెట్టి పచ్చది నొక్కావనుకో, నిమిషం తర్వాత ఒక్క పైసా పైన ఉన్నా నీ 500 తో పాటు ఇంకో 400 వస్తాయి, ఒక్క పైసా కింద ఉంటే మొత్తం 500 పోతాయి. ఆ 80 శాతాన్ని పే అవుట్ అంటారు, ఒక్కో యాప్‌లో 70 ఉంటుంది ఒక్కోసారి 90 ఉంటుంది, 100 మాత్రం దాదాపు ఎక్కడా ఉండదు. 80 శాతం పే అవుట్ మీద నష్టం లేకుండా బయటపడాలంటే వందలో 56 సార్లు కరెక్టుగా చెప్పాలి. 56 ఎంత కష్టం, చెప్పెయ్యొచ్చులే అనిపిస్తుంది. కానీ ఒక్క నిమిషంలో డాలర్ రేటు ఎటు కదులుతుందో పెద్ద బ్యాంకుల్లో కూర్చున్న డీలర్లు కూడా చెప్పలేరు, అది బిళ్ళ ఎగరేసినట్టే ఉంటుంది. అంటే సగం సార్లు కరెక్టు, సగం తప్పు. అలా ఆడితే పెట్టిన ప్రతి వంద మీద సగటున పది రూపాయలు వాళ్ళకి పోతాయి. ప్రతి నిమిషానికీ.

ఇక్కడ ఎవరైనా అనొచ్చు, షేర్ మార్కెట్‌లో కూడా నష్టాలొస్తాయి కదండీ అని. వస్తాయి, బోలెడంతమందికి వస్తాయి. షేర్ మార్కెట్ మీద నిఘా ఉంచే మన సెబీ వాళ్ళే ఎఫ్ అండ్ ఓ, అంటే ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడినవాళ్ళ లెక్క తీసి 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో వందకి 93 మంది నష్టపోయారని 2024లో చెప్పారు. దాన్ని నేను వెనకేసుకు రావట్లేదు. కానీ అక్కడ మీరు కొంటే అమ్మినవాడు ఇంకొకడెవడో ఉంటాడు, మధ్యలో ఎక్స్ఛేంజ్ ఉంటుంది, బ్రోకర్‌కి మీరు గెలిచినా ఓడినా కమిషనే. ఈ యాప్‌లో మీకు ఎదురు నిలబడింది ఆ యాప్ కంపెనీయే. మీరు ఓడితే ఆ డబ్బు వాళ్ళది, మీరు గెలిస్తే వాళ్ళ జేబులోంచి ఇవ్వాలి. ఆ చార్ట్ చూపించేది వాళ్ళే, నిమిషం అయిపోయిందని చెప్పేది వాళ్ళే, గెలిచావో లేదో చెప్పేదీ వాళ్ళే. అమెరికాలో సెక్యూరిటీస్ కమిషన్ వాళ్ళు 2013లోనే హెచ్చరిక ఇచ్చారు, అందులో వాళ్ళకొచ్చిన కంప్లైంట్ ఒకటి రాశారు, కస్టమర్ గెలుస్తున్నప్పుడు టైమ్ అయిపోకుండా కౌంట్‌డౌన్‌ని సాగదీసి, రేటు తిరగబడి ఓడిపోయాక ఆపేవాళ్ళట.

దీనికి రుజువు కావాలంటే మీ అంతట మీరే చూడొచ్చు. కరెన్సీ మార్కెట్ ప్రపంచం మొత్తం మీద శని ఆదివారాలు మూసేసి ఉంటుంది. మన టైమ్ ప్రకారం శనివారం తెల్లవారుజామున మూస్తే మళ్ళీ సోమవారం తెల్లవారుజామునే తెరిచేది. మరి ఆదివారం మధ్యాహ్నం ఈ యాప్ తెరిచి చూడండి, చార్ట్ కదులుతూనే ఉంటుంది. పక్కన చిన్న అక్షరాలతో `EUR/USD (OTC)` అని ఉంటుంది. ఆ ఓటీసీ అంటే ఇక్కడ అర్థం, ఈ రేటు బయట ఏ మార్కెట్‌లోనూ లేదు, మా కంప్యూటర్ తయారు చేసింది అని. యూరో కొనేవాడు లేడు, అమ్మేవాడు లేడు, ఆ గీత మాత్రం లేస్తోంది, పడుతోంది. దాని మీద క్యాండిల్ ప్యాటర్న్ చూసి, సపోర్ట్ రెసిస్టెన్స్ గీసి, నేను ట్రేడింగ్ నేర్చుకుంటున్నాను అనుకుంటున్న పిల్లలు ఎంతమందో. మా వాడు అలాగే ఒక లాంగ్ నోట్‌బుక్ నిండా గీశాడండీ, ఎర్ర పెన్ను, పచ్చ పెన్ను, తేదీలతో సహా. ఆ నోట్‌బుక్ నేను చూశాను. అందులో సగం ఆదివారాలే.

ఇప్పుడు వాడి సంగతి చెప్తాను. వయసు 24, బీకామ్ అయింది, ఒక ప్రైవేట్ ఫైనాన్స్ ఆఫీసులో కలెక్షన్ ఉద్యోగం, నెలకి 17 వేలు. తండ్రి లేడు. యూట్యూబ్‌లో తెలుగులో మాట్లాడే ఒకాయన వీడియో చూశాడు, రోజుకి అరగంట, ఫోన్ ఒక్కటి చాలు అని, కింద డిస్క్రిప్షన్‌లో టెలిగ్రామ్ లింకు ఒకటి, యాప్ లింకు ఒకటి. ఆ లింకు నుంచి రిజిస్టర్ అయితేనే ఫ్రీ సిగ్నల్స్ గ్రూపులోకి తీసుకుంటాం అన్నారు. ఎందుకు ఆ లింకే కావాలి అని ఆలోచించండి. ఆ లింకులో ఆయన నంబర్ ఉంటుంది. ఆ లింకు ద్వారా చేరినవాళ్ళు ఎంత ఓడిపోతే అందులో ఇంత శాతం అని ఆయనకి వాటా వస్తుంది, సగం దాకా, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ కూడా. ఇది రహస్యమేమీ కాదు, ఆ యాప్‌ల వెబ్‌సైట్లలోనే అఫిలియేట్ అనో పార్టనర్ ప్రోగ్రామ్ అనో పేజీ ఉంటుంది, వెళ్ళి చదువుకోండి. అంటే మీకు పాఠం చెప్పే గురువు గారు మీరు ఓడిపోతే తింటున్నాడు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. యాప్ వాడు ఎక్కడో ఏ ద్వీపంలోనో ఉంటాడు, ఈయన మన భాషలో, మన యాసలో, తమ్ముడూ అని పిలుస్తూ చేస్తున్నాడు.

మొదట డెమో అకౌంట్ ఇచ్చారు, అందులో పది వేల డాలర్లు ఉత్తుత్తివి. అందులో బాగా గెలిచాడు. తర్వాత నిజంగా వెయ్యి రూపాయలు వేశాడు. వారం తిరిగేసరికి అది 6,400 అయింది. అందులో 2,000 విత్‌డ్రా పెట్టాడు, పది నిమిషాల్లో అకౌంట్‌లో పడింది. ఆ రోజు వాడు ఇంటికి స్వీట్లు తెచ్చాడట. మా అక్కకి ఇప్పటికీ ఆ రోజు గుర్తే. ఆ రెండు వేలు రావడమే కొంప ముంచింది, ఎందుకంటే ఎవరైనా ఇది మోసంరా అంటే, నాకు డబ్బులొచ్చాయి కదా, స్టేట్‌మెంట్ చూడు అనేవాడు. చిన్న విత్‌డ్రాలు వస్తాయండీ, చాలావరకు వస్తాయి. అవి వస్తేనే పెద్ద డిపాజిట్ వస్తుంది.

తర్వాత వాడికి అకౌంట్ మేనేజర్ అని ఒకాయన వాట్సాప్‌లో వచ్చాడు. 40 వేలు వేస్తే ఇంకో 40 వేలు బోనస్ ఇస్తాం అన్నాడు. వేశాడు. స్క్రీన్ మీద 80 వేలు కనిపించింది. బోనస్ తీసుకుంటే ఒక షరతు ఉంటుంది, టర్నోవర్ అంటారు, దాన్ని ఎవరూ చదవరు. వాడికి వచ్చిన షరతు ఏంటంటే బోనస్‌కి 40 రెట్లు ట్రేడ్ చేస్తేగాని డబ్బు బయటికి తీయకూడదు. 40 వేలకి 40 రెట్లు అంటే 16 లక్షలు. వెయ్యి రూపాయల చొప్పున ఆడినా 1,600 సార్లు నొక్కాలి. ఇందాక చెప్పుకున్నాం కదా, ప్రతి వందకి పది పోతాయని. 16 లక్షల మీద పది శాతం ఎంత? లక్షా అరవై వేలు. చేతిలో ఉన్నది బోనస్‌తో కలిపి 80 వేలు. షరతు పూర్తయ్యేలోపే రెండుసార్లు ఖాళీ అవ్వాల్సిన లెక్క అది. ఆ బోనస్ వాళ్ళు ఇచ్చింది కాదు, వాడి సొంత 40 వేలకి వేసిన తాళం.

నష్టం మొదలవగానే టెలిగ్రామ్ గురువు గారు మార్టింగేల్ నేర్పించాడు. ఓడితే రెట్టింపు పెట్టు, మళ్ళీ ఓడితే మళ్ళీ పెంచు, ఎప్పుడో ఒకసారి గెలుస్తావు కదా, అన్నీ తిరిగొచ్చేస్తాయి అని. ఇది పేకాట క్లబ్బుల్లో పాత సంగతే. కానీ ఇక్కడ గెలిస్తే 80 శాతమే కాబట్టి రెట్టింపు కూడా చాలదు, రెండుంపావు రెట్లు పెంచాలి. బోర్డు మీద రాస్తాను చూడండి. 100 పెట్టావు, పోయింది. 225. పోయింది. 506. పోయింది. 1,139. తర్వాత 2,563. తర్వాత 5,767. ఆరుసార్లు వరసగా పోతే మొత్తం 10,300. ఏడోసారి దాదాపు 13 వేలు పెట్టాలి. ఇదంతా దేనికోసం? గెలిస్తే మిగిలేది ఆ మొదటి 80 రూపాయలే. వరసగా ఆరుసార్లు ఎక్కడ పోతుందండీ అంటారు. అరవై నాలుగులో ఒకసారి ఛాన్స్. నిమిషానికి ఒకటి చొప్పున రెండు గంటలు ఆడితే 120 సార్లు అవుతుంది, ఆ రెండు గంటల్లో ఎక్కడో ఒకచోట వరసగా ఆరు పోవడానికి సగం కన్నా ఎక్కువే ఛాన్స్ ఉంది. మావాడికి ఒక శనివారం రాత్రి వరసగా ఎనిమిది పోయాయి. అది కూడా ఆ ఓటీసీ చార్ట్ మీదే.

సోమవారం ఉదయం వాడు మా అక్క గాజులు తీసుకెళ్ళి గోల్డ్ లోన్ పెట్టాడు. ఆఫీస్ పని మీద అవసరం, నెలలో విడిపిస్తానని చెప్పాడు. ఆవిడ అడగలేదు, తీసి ఇచ్చింది.

ఆ డబ్బుతో ఆడి మధ్యలో ఒకసారి బోనస్ లేని అకౌంట్‌లో 72 వేల దాకా వెళ్ళాడు. అప్పుడు వాడికి బుద్ధొచ్చింది, మొత్తం విత్‌డ్రా పెట్టేశాడు. ఈసారి పది నిమిషాల్లో రాలేదు. ఆధార్ మళ్ళీ అప్‌లోడ్ చెయ్యమన్నారు. చేశాడు. సెల్ఫీ క్లియర్‌గా లేదన్నారు. నువ్వు డిపాజిట్ చేసిన యూపీఐ పేరు మా రికార్డ్‌తో మ్యాచ్ అవ్వట్లేదు అన్నారు. మూడు రోజులు. ఆ మూడు రోజులూ ఆ విత్‌డ్రా రిక్వెస్ట్ పక్కనే ఒక బటన్ వెలుగుతూ ఉందండీ, క్యాన్సిల్ అని. నొక్కితే ఆ డబ్బు మళ్ళీ ట్రేడింగ్ బ్యాలెన్స్‌లోకి వస్తుంది. డబ్బు బయటికి రావడానికి మూడు రోజులు, లోపలికి వెళ్ళడానికి ఒక్క నొక్కు. నాలుగో రోజు రాత్రి ఒంటిగంటకి నొక్కేశాడు. తెల్లారేసరికి సున్నా. ఇది మోసం అనను, నువ్వే కదా నొక్కింది అంటారు వాళ్ళు. ఆ బటన్ అక్కడ పెట్టింది మాత్రం తెలిసి పెట్టిందే.

మొత్తం నాలుగు నెలల్లో 23 డిపాజిట్లు, 3 లక్షల 85 వేలు.

ఇక నేను బ్యాంకు వాడిగా చూసిన విషయం చెప్తాను. వాడు ఏడుస్తూ నా దగ్గరికి వచ్చినప్పుడు నేను యాప్ చూడలేదు, చార్ట్ చూడలేదు. వాడి అకౌంట్ స్టేట్‌మెంట్ ప్రింట్ తీయించి, పసుపు హైలైటర్ పట్టుకుని కూర్చున్నాను. 23 డిపాజిట్లు ఎవరికి వెళ్ళాయో చూస్తే 19 పేర్లు ఉన్నాయి. ఒకటి ఏదో కిరాణా స్టోర్ పేరు, ఒకటి మొబైల్ షాప్, ఒకటి ఎంటర్‌ప్రైజెస్, నాలుగైదు మామూలు మనుషుల పేర్లు. ఒక్కటంటే ఒక్కటి కూడా ఆ యాప్ పేరు కాదు. ఒరేయ్, నువ్వు యూరో డాలర్ మీద ట్రేడ్ చేశానన్నావు, ఈ కిరాణా కొట్టు వాడికి నీ 15 వేలు ఎందుకు వెళ్ళాయిరా అని అడిగాను. వాడికి అప్పటిదాకా ఆ అనుమానమే రాలేదు, యాప్‌లో క్యూఆర్ వస్తుంది, స్కాన్ చేస్తాడు, అంతే.

వీటిని మ్యూల్ అకౌంట్లు అంటారు. ఎవడో డబ్బు అవసరమున్న కుర్రాడికి నెలకింత అని ఇచ్చి వాడి అకౌంటు, ఏటీఎం కార్డు, సిమ్ తీసుకుంటారు. మీ డబ్బు అందులో పడి, గంటలోపు ఇంకో పది అకౌంట్లలోకి చీలిపోయి, చివరికి క్రిప్టోగా మారి బయటికి పోతుంది. నిజమైన బ్రోకర్ దగ్గర అలా ఉండదు. మీ పేరు మీద రిజిస్టరైన బ్యాంకు అకౌంట్ నుంచే డబ్బు తీసుకుంటాడు, వెళ్ళేది ఆ బ్రోకర్ పేరు మీద ఉన్న క్లయింట్ అకౌంట్‌కే, తిరిగొచ్చేదీ అక్కడి నుంచే. పది సార్లు వేసినా పది సార్లూ అదే పేరు. మీరు ఇంటికెళ్ళి చెయ్యాల్సిన పరీక్ష ఇదొక్కటే, యూపీఐ హిస్టరీ తెరిచి పేర్లు చదవండి.

కథ అక్కడితో అయిపోలేదు. వాడికి వచ్చిన ఒక చిన్న విత్‌డ్రా, మూడు వేలో ఎంతో, అది కూడా ఏదో మ్యూల్ అకౌంట్ నుంచే వచ్చింది. ఆ డబ్బు వేరే రాష్ట్రంలో ఇంకెవరో మోసపోయిన మనిషిదట. ఆయన పోలీసులకి కంప్లైంట్ ఇచ్చాడు, పోలీసులు డబ్బు వెళ్ళిన దారి పట్టుకుని వచ్చి మావాడి జీతం అకౌంట్‌ని హోల్డ్ చేయించారు. జీతం పడుతుంది, తీయడానికి లేదు. దొంగ ఎక్కడో ఉన్నాడు, పోగొట్టుకున్న వాడి అకౌంట్ ఆగిపోయింది. గెలిచినా ప్రమాదమేనని చెప్పడానికే ఇది చెప్తున్నాను, ఎందుకంటే గెలిచిన డబ్బు వచ్చే దారి కూడా ఆ దొంగ అకౌంట్లే.

చట్టం సంగతి తొందరగా చెప్పేస్తాను. మన దేశంలో ఏ ఎక్స్ఛేంజ్‌లోనూ ఈ బైనరీ ఆప్షన్ లేదు. కరెన్సీ ట్రేడింగ్ చెయ్యాలంటే గుర్తింపున్న ఎక్స్ఛేంజ్‌లో, సెబీ రిజిస్ట్రేషన్ ఉన్న బ్రోకర్ ద్వారా చెయ్యాలి. రిజర్వ్ బ్యాంక్ 2022 ఫిబ్రవరిలో హెచ్చరిక ఇచ్చింది, అదే ఏడాది సెప్టెంబర్‌లో అనుమతి లేని ప్లాట్‌ఫామ్‌ల పేర్లతో అలర్ట్ లిస్ట్ పెట్టింది, మొదట 34 పేర్లు, తర్వాత పెంచుకుంటూ పోయింది. కానీ జాగ్రత్త, ఆ లిస్ట్‌లో పేరు లేదంటే మంచిదని కాదు, ఆ మాట రిజర్వ్ బ్యాంకే చెప్పింది. అనుమతి ఉన్నవాళ్ళ లిస్ట్ వేరే ఉంటుంది, చూస్తే అది చూడండి.

బయట దేశాలు దీన్ని ఎలా చూశాయో ఒక్క ముక్క. ఈ వ్యాపారానికి ఒకప్పుడు ఇజ్రాయెల్ పెద్ద అడ్డా, అక్కడ కాల్ సెంటర్లు పెట్టి ప్రపంచమంతా ఫోన్లు చేసేవాళ్ళు. 2017 అక్టోబర్‌లో వాళ్ళ పార్లమెంట్ ఈ పరిశ్రమ మొత్తాన్నీ నిషేధించింది. తర్వాతి ఏడాది యూరప్‌లో మామూలు జనానికి అమ్మడం ఆపేశారు, 2019లో బ్రిటన్, 2021లో ఆస్ట్రేలియా. యూకామ్ అని అలాంటి ఒక ఇజ్రాయెల్ కంపెనీని నడిపిన లీ ఎల్బాజ్ అనే ఆవిడకి 2019లో అమెరికా కోర్టు 22 ఏళ్ళ జైలు శిక్ష వేసింది. ఆ కేసులో బయటపడ్డవి చూస్తే నాకు మావాడి వాట్సాప్ చదివినట్టే ఉంది. అక్కడి ఉద్యోగులు దొంగ పేర్లతో మాట్లాడేవాళ్ళు, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారో అబద్ధం చెప్పేవాళ్ళు, మీరు గెలిస్తేనే మాకు లాభం అనేవాళ్ళు, నిజానికి ఓడితేనే లాభం. బోనస్‌లు, రిస్క్ ఫ్రీ ట్రేడ్‌లు అని చెప్పి డబ్బు బయటికి తియ్యనిచ్చేవాళ్ళు కాదు. అక్కడ తలుపులు మూసేస్తే అదే వ్యాపారం ఫోన్ యాప్‌గా మారి చట్టం అందని చోట్ల కంపెనీలు పెట్టుకుని మన దగ్గరికొచ్చింది.

ఇంకా ఘోరమైనవి ఉన్నాయి, వాటిల్లో ఆ బిళ్ళ ఎగరేసే ఆట కూడా ఉండదు. యాప్ మొత్తం బొమ్మే. పరిచయం లేని అమ్మాయి మెసేజ్ పెడుతుంది, నెల రోజులు తిన్నావా పడుకున్నావా అని మాట్లాడి, మా అంకుల్ ఫారెక్స్‌లో, అదే కరెన్సీ ట్రేడింగ్‌లో, సంపాదిస్తున్నాడు అంటుంది. స్క్రీన్ మీద అంకెలు పెరుగుతూ ఉంటాయి, తీయబోతే ముందు టాక్స్ కట్టు అంటారు. కట్టారా, ఇంకోటి అడుగుతారు. ఆ అవతల కూర్చున్న మనిషి కూడా చాలాసార్లు బందీయే. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసు మీకు గుర్తుండే ఉంటుంది, డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్ళని కాంబోడియా పంపించి, అక్కడ గదుల్లో పెట్టి సైబర్ మోసాలు చేయించారు. ఇక్కడ పోగొట్టుకునేది మన పిల్లలే, అక్కడ తిట్లూ దెబ్బలూ తింటూ టైప్ చేసేదీ మన పిల్లలే.

ఏమైనా అడగాలంటే అడగండి.

ప్రశ్న: సార్, బైనరీ తప్పే కానీ ఫారెక్స్ నిజమే కదా, ఎంటీ ఫైవ్ అనే ట్రేడింగ్ సాఫ్ట్‌వేర్‌లో రేట్లు కరెక్టుగానే ఉంటాయి కదా?

ఆ సాఫ్ట్‌వేర్ నిజమైనదే బాబూ, దాని వెనకాల సర్వర్ ఎవరిది అన్నదే ప్రశ్న. చాలామంది బ్రోకర్లు నీ ఆర్డర్‌ని బయట మార్కెట్‌కి పంపరు, వాళ్ళ దగ్గరే ఉంచుకుంటారు, బీ బుక్ అంటారు దాన్ని. అప్పుడు మళ్ళీ నీకు ఎదురున్నది వాళ్ళే. రేట్లు నిజమే అనుకుందాం, లెవరేజ్ చూడు, అంటే నీ డబ్బుకి ఎన్ని రెట్లు ట్రేడ్ చెయ్యనిస్తారన్నది. ఒకటికి 500 అంటారు. నీ పది వేలతో 50 లక్షల యూరో డాలర్ పట్టుకున్నావు. 50 లక్షల మీద 0.2 శాతం ఎంత? పది వేలు. అంటే రేటు 0.2 శాతం ఎదురు తిరిగితే నీ డబ్బు మొత్తం పోయింది. అంత కదలిక యూరో డాలర్‌లో మామూలు రోజున కూడా వస్తుంది. యూరప్‌లో లెవరేజ్‌ని 30కి తగ్గించారు, తగ్గించేముందు లెక్క తీస్తే ఇలాంటి అకౌంట్లలో వందకి 74 నుంచి 89 దాకా నష్టాల్లోనే ఉన్నాయి. అదీ లైసెన్స్ ఉన్న బ్రోకర్ల దగ్గర.

ప్రశ్న: డబ్బు పోయాక కంప్లైంట్ ఇస్తే మన మీదే కేసు పెడతారంటున్నారు, నిజమా అండి?

ఆ భయం పెట్టేది కూడా వాళ్ళే, మేనేజర్‌నని చెప్పుకునేవాళ్ళే. విదేశీ కరెన్సీ లావాదేవీల మీద ఉన్న ఫెమా చట్టం ప్రకారం అనుమతి లేని చోట ట్రేడ్ చేస్తే పెనాల్టీ ఉంది, పెట్టిన డబ్బుకి మూడు రెట్ల దాకా ఉండొచ్చు, అది నేను దాచను. కానీ మోసపోయి వచ్చిన మనిషిగా వెంటనే చెప్పుకోవడానికీ, ఏడాది దాచి పట్టుబడటానికీ తేడా ఉంది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కి ఫోన్ చెయ్యండి, లేదా cybercrime.gov.in లో పెట్టండి. గంటల్లో చేస్తే మ్యూల్ అకౌంట్‌లో డబ్బు ఉన్నంతవరకు ఆపగలరు, మూడు రోజులు దాటితే అక్కడ ఏమీ ఉండదు. ఫోన్ చేసేముందు ప్రతి ట్రాన్సాక్షన్ యూటీఆర్ నంబర్, అంటే ఆ పేమెంట్‌ని గుర్తించే నంబర్, పేపర్ మీద రాసి పెట్టుకోండి, ఫోన్‌లో అవే అడుగుతారు. యాప్ డిలీట్ చెయ్యకండి, చాట్‌లు డిలీట్ చెయ్యకండి. మావాడు సిగ్గుతో అన్నీ డిలీట్ చేశాడు, తర్వాత చూపించడానికి స్టేట్‌మెంట్ ఒక్కటే మిగిలింది.

అకౌంట్ హోల్డ్ అయితే బ్రాంచ్‌కి వెళ్ళి, ఏ రాష్ట్రం, ఏ పోలీస్ స్టేషన్, కంప్లైంట్ నంబర్ ఎంత, ఎంత మొత్తం మీద హోల్డ్ అని రాతపూర్వకంగా అడగండి. వివాదంలో ఉన్న మూడు వేలకే హోల్డ్ పెట్టి మిగతాది వదలమని ఆ స్టేషన్‌కి ఈమెయిల్ పెట్టొచ్చు. మావాడికి అలా చేస్తే రెండు నెలలు పట్టింది గాని జీతం వదిలారు. ఇంకోటి, పోయిన డబ్బు తిరిగి తెప్పిస్తామని కొంతమంది ఫోన్ చేస్తారు, లాయర్లమనో సైబర్ సెల్ అనో అంటారు, ముందు ఫీజు అడుగుతారు. మీరు పోగొట్టుకున్నారని వాళ్ళకెలా తెలిసింది? ఆ లిస్ట్ అమ్మింది మొదటి దొంగే. మావాడికి అలాంటి ఫోన్ మూడుసార్లు వచ్చింది, మూడోసారి మా అక్క ఎత్తింది.

ప్రశ్న (ఒక తల్లి): మా అబ్బాయి రాత్రిళ్ళు ఫోన్ పట్టుకునే ఉంటున్నాడండీ, అడిగితే ప్రాజెక్ట్ వర్క్ అంటున్నాడు. నాకు ఇంగ్లీషు రాదు, యాప్‌లో ఏముందో ఎలా తెలుస్తుంది?

యాప్ చూడక్కర్లేదమ్మా. తిట్టకుండా, వాడి చేతే పాస్‌బుక్ ఎంట్రీ వేయించుకు రమ్మనండి. తేదీ, పేరు, అంకె చదవగలరు కదా, చాలు. రాత్రిళ్ళు కట్టినవి, ఒకదానికొకటి సంబంధం లేని కొత్త పేర్లు, అయిదు వందలు వెయ్యి రెండు వేలు అలా పెరుగుతూ పోయేవి ఉన్నాయేమో చూడండి. మధ్యలో ఎవరో తెలియని మనిషి దగ్గర్నుంచి చిన్న మొత్తం వచ్చి ఉంటే అది కూడా గుర్తు పెట్టండి. ఇంట్లో బంగారం ఒకసారి చూసుకోండి, అడిగినట్టు కాదు, ఊరికే బీరువా సర్దుతున్నట్టు. మా అక్క గాజులు పోయినేడు దసరాకి విడిపించాం, వడ్డీతో కలిపి, ముగ్గురం తలా కొంత వేసుకుని. వాడు ఇంకా నెలకి నాలుగు వేలు మాకు కడుతున్నాడు, వద్దన్నా కడతానంటాడు.

నేను సాయంత్రం అయిదున్నర దాకా ఈ లైబ్రరీ గదిలోనే కూర్చుంటాను. హైలైటర్ తెచ్చుకున్నాను. ఎవరైనా స్టేట్‌మెంట్ చూపించాలనుకుంటే ఒక్కొక్కరే రండి, తలుపు వేసుకుని చూద్దాం, పేరు ఎవరికీ చెప్పను.